మూడు బటన్లు, ఒక్క తెర

రాజ్యాలు కట్టే ఆటలు, ఫ్యాక్టరీలు నడిపే ఆటలు చాలావరకు ఒకే తీరుగా మొదలవుతాయి. ఆట తెరవగానే మూలన ఒక పెట్టె ప్రత్యక్షమై చదవమంటుంది. ఇది మీ ఖజానా, ఇవి మీ గనులు, పన్ను పెంచాలంటే ఇక్కడ నొక్కండి, సైన్యం కదలాలంటే అక్కడ నొక్కండి. ‘తరువాత’ అని నొక్కితే ఇంకో పెట్టె. అది చదివేసరికి మొదటి పెట్టెలో ఏముందో మరుపు. అరగంట గడిచినా మనం సొంతంగా చేసిన పని ఒక్కటీ ఉండదు. ఆట ఇంకా మొదలు కాలేదు, పాఠమే నడుస్తోంది. సరిగ్గా ఇక్కడే కొందరు పెద్దవాళ్ళు ఆట మూసేసి, మళ్ళీ తెరవరు. వాళ్ళ కంప్యూటర్లో కొని ఆడని ఆటల జాబితా పెరుగుతూ పోతుంది. ఇంట్లోవాళ్ళు దానికి బద్ధకం అనో నిలకడలేనితనం అనో పేరు పెడతారు.

ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవని సమస్య, పిల్లలకే ఉంటుందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి అది చిన్నప్పుడు మొదలై చాలామందిలో పెద్దయ్యాకా కొనసాగుతుంది. పెద్దవాళ్ళలో దాన్ని నిర్ధారించేటప్పుడు డాక్టర్లు పన్నెండేళ్ళ లోపు కూడా కొన్ని లక్షణాలు కనిపించాయా అని అడిగేది అందుకే. పరుగులూ గెంతులూ తగ్గిపోయి ఉండవచ్చు. కానీ చేయాల్సిన పనిని మనసులో పట్టి ఉంచడం, ఫలితం కోసం కాచుకోవడం మాత్రం కష్టంగానే ఉంటాయి. సుదీర్ఘమైన ట్యుటోరియల్ సరిగ్గా ఈ రెండింటినీ ఒకేసారి అడుగుతుంది.

మొదటిది తాత్కాలిక జ్ఞాపకం. ఇప్పుడు విన్న మాటను కాసేపటి తర్వాత వాడుకోవడం కోసం మనసులో పట్టి ఉంచే శక్తి ఇది. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందిలో ఇది బలహీనంగా ఉంటుంది. ట్యుటోరియల్ ఎనిమిది సంగతులు వరసగా చెప్పి, వాటిని వాడే అవకాశం ఇరవై నిమిషాల తర్వాత ఇస్తే, అందులో ఆరు జారిపోతాయి. రెండోది నిరీక్షణ. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్మండ్ సోనుగా-బార్క్ చాలా ఏళ్ళుగా చెబుతున్న విషయం ఒకటుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు కాచుకోవడం మామూలు విసుగుగా ఉండదు, భరించలేని అసౌకర్యంగా ఉంటుంది. అందుకే ఆలస్యంగా వచ్చే పెద్ద ఫలితం కన్నా ఇప్పుడే దొరికే చిన్న ఫలితం వైపు మొగ్గుతారు. ఆట రెండు గంటల తర్వాత అద్భుతంగా ఉంటుందని ఎంత చెప్పినా ఆ రెండు గంటలు వాళ్ళకు దాటలేని దూరం.

కాబట్టి వీళ్ళకు ఎలాంటి ఆట సరిపోతుందన్న ప్రశ్నకు ‘తేలికైన ఆట’ అన్నది జవాబు కాదు. వీళ్ళలో చాలామంది కష్టమైన ఆటలనే ఇష్టపడతారు. చూడాల్సింది చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నది. బటన్ నొక్కాక ఏం జరిగిందో వెంటనే తెలియాలి. తప్పు చేస్తే ఆ తప్పు కంటికి కనిపించాలి, మళ్ళీ ప్రయత్నించడానికి క్షణమే పట్టాలి. గమ్యం కనుచూపు మేరలో ఉండాలి. ఈ మూడూ ఉన్న ఆటకు ట్యుటోరియల్ దాదాపు అక్కర్లేదు, ఆట తానే నేర్పేస్తుంది.

ఇది కొత్త విద్య కాదు. 1985లో జపాన్‌లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రోస్’ మొదటి దశను ఆటల రూపకర్తలు ఇప్పటికీ పాఠంగా చూస్తారు. మారియో తెరకు ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగడుగులు వేయగానే ఒక చిన్న జీవి ఎదురొస్తుంది. ఊరుకుంటే అది తగిలి చస్తాడు, గెంతితే బతుకుతాడు. చచ్చినా పోయేది కొన్ని సెకన్లే. ఆ పైన మెరిసే పెట్టె ఉంటుంది, గెంతి తల తగిలిస్తే నాణెం వస్తుంది. ఇంకో పెట్టెలోంచి వచ్చిన పుట్టగొడుగు దూరంగా జారిపోయి, గొట్టానికి తగిలి వెనక్కి తిరిగి మన మీదికే వస్తుంది. అది తగిలితే మేలే జరుగుతుందని అప్పుడు తెలుస్తుంది. ఒక్క వాక్యం చదవకుండానే నాలుగు నియమాలు వచ్చేశాయి.

ఆ సంప్రదాయంలో వచ్చిన ఆటల్లో, శ్రద్ధ నిలవని పెద్దవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ‘సెలెస్ట్’. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ మరికొందరితో కలిసి చేసిన ఈ ఆట 2018 జనవరిలో వచ్చింది. మ్యాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కుతుంది, కథ అంతే. చేతిలో ఉండేవి మూడు పనులు: గెంతడం, గోడను పట్టుకుని ఎక్కడం, గాల్లో ఒక్కసారి ఏదో ఒక దిక్కుకు దూసుకెళ్ళడం. ఆట చివరిదాకా ఆ మూడు బటన్లే.

దీన్ని నేను దగ్గరుండి చూసింది మా బావమరిది ఆడుతుంటే. ముప్ఫై దాటాక డాక్టర్ పరీక్షించి ఏడీహెచ్‌డీ అని తేల్చారు, మందులు వాడుతున్నాడు. లెక్కల ఉద్యోగం. ఆటలంటే చిన్నప్పటినుంచీ ప్రాణం. కానీ కొన్నవాటిలో ముప్పాతిక వంతు మొదటి గంటలోనే వదిలేశాడు. “బావా, నాకు ఆట రాదని కాదు. వాళ్ళు మాట్లాడటం ఆపరు, ఆ లోపల నా బుర్ర బయటికెళ్ళిపోతుంది,” అన్నాడు ఒకసారి. సమస్యను ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

సెలెస్ట్ మొదలుపెట్టిన అర నిమిషంలో మ్యాడెలిన్ అతని చేతిలో నడుస్తోంది. గోడ పట్టుకోవాల్సిన చోట ఒక చిన్న పక్షి వాలి, నొక్కాల్సిన బటన్ బొమ్మ చూపిస్తుంది. అది చదవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, వాడాల్సింది అప్పుడే అక్కడే. తొలి ఘట్టం చివర ఒక వంతెన వస్తుంది. పరుగెత్తుతుంటే కాళ్ళ కింద పలకలు ఒక్కొక్కటే కూలిపోతుంటాయి. చివర్లో ఆధారం లేక అమ్మాయి పడిపోబోతుంటే ఆట మొత్తం ఆగిపోతుంది, ఆమె గాల్లోనే ఉంటుంది. పక్షి మళ్ళీ కనిపించి, ఏ దిక్కుకు ఏ బటన్ నొక్కాలో చూపుతుంది. నొక్కితే మ్యాడెలిన్ ఏటవాలుగా పైకి దూసుకెళ్ళి గట్టు మీద పడుతుంది. ఆటలో అతి ముఖ్యమైన విద్య అదే. దాన్ని నేర్పడానికి ఎంచుకున్న క్షణం చూడండి. అది తెలియకపోతే పడిపోతామన్న క్షణంలోనే చెప్పారు. మనసు పక్కకు పోయే అవకాశమే లేదు.

ఆ దూకుడు గాల్లో ఒక్కసారే పనిచేస్తుంది, మళ్ళీ కావాలంటే కాలు నేలకు ఆనాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని ఆట చెప్పదు. మ్యాడెలిన్ జుట్టు ఎర్రగా ఉంటుంది. దూకుడు వాడేయగానే నీలంగా మారుతుంది. నేల తాకగానే మళ్ళీ ఎరుపు. గోడ మీద ఎక్కువసేపు వేలాడితే ఒంట్లో సత్తువ తగ్గుతోందని ఒళ్ళంతా ఎర్రగా మిణుకుమంటుంది. మూలన గీతలు, అంకెలు చూడాల్సిన పని లేదు. కన్ను ఎక్కడ ఉందో సమాచారం అక్కడే ఉంది. తాత్కాలిక జ్ఞాపకం బలహీనంగా ఉన్న మనిషికి ఇదెంత పెద్ద సాయమో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది.

ఇక ఆట మొత్తం తెరలు తెరలుగా ఉంటుంది. ఒక్కో తెర ఒక్కో చిక్కు. చాలాచోట్ల ఎడమనుంచి మొదలై కుడివైపో పైకో దాటితే అయిపోయినట్టే, వెంటనే ఇంకో తెర. చచ్చిపోతే అదే తెర మొదట్లో మళ్ళీ ప్రత్యక్షమవుతాం. దానికి పట్టేది దాదాపు ఒక సెకను. ఓడిపోయారన్న ప్రకటన లేదు, ‘మళ్ళీ ఆడతారా’ అన్న ప్రశ్న లేదు. వెనకాల సంగీతం కూడా తెగదు. కాచుకోవడమన్నదే లేకుండా చేశారు. మామూలుగా ఆటల్లో మనవాడు ఫోన్ చేతిలోకి తీసుకునేది చచ్చాక మళ్ళీ మొదలయ్యే ఆ ఇరవై సెకన్లలోనే. ఇక్కడ ఆ ఖాళీ లేదు.

మొదటి అధ్యాయం ఒక పాడుబడ్డ నగరంలో జరుగుతుంది. అక్కడ ట్రాఫిక్ దీపాలున్న దిమ్మెలు కొన్ని ఉంటాయి. మీద నిలబడగానే పట్టాల వెంట జోరుగా దూసుకెళ్ళి చివర ఆగి, నెమ్మదిగా వెనక్కి వస్తాయి. అవి ఆగే లోపల, జోరు మీదుండగా గెంతితే ఆ వేగం మనకూ అంటి మామూలు కన్నా చాలా దూరం పడతాం. ఒక తెరలో కింద ముళ్ళు, అవతలి గట్టు దూరంగా ఉంది. బావమరిది మొదట దిమ్మె పూర్తిగా ఆగాక గెంతాడు, ముళ్ళలో పడ్డాడు. తర్వాత తొందరపడి బయల్దేరగానే గెంతాడు, ఇంకా ముందే పడ్డాడు. ఆ తర్వాత సమయం కుదిరింది, కానీ గాల్లో దూకుడు వాడటం మరిచిపోయాడు. జుట్టు ఎర్రగానే ఉంది, ముళ్ళ మీద పడేముందు “అరె, ఇంకా ఉంది!” అని తనే అన్నాడు. దాని తర్వాతి ప్రయత్నంలో గట్టు అంచు చేతికి అందింది, జారాడు. ఆపైన ఎక్కేశాడు. ఇదంతా రెండు నిమిషాల లోపే.

ఇందులో గమనించాల్సింది చావుల లెక్క కాదు. ప్రతి చావూ వేరే చోట, వేరే కారణంతో జరిగింది. ప్రతిసారీ ఎందుకు పోయిందో అతనికి తెలిసింది. తక్షణ స్పందన అంటే శబ్దాలూ మెరుపులూ కావు, ఈ తెలియడమే. చేతికీ కంటికీ మధ్య పాఠం ఒక సెకనులో పూర్తయి, మరిచిపోకముందే వాడుకోవడానికి వచ్చింది.

అయితే ఇదే ఆటలో దెబ్బతినే చోటు కూడా ఉంది. అధ్యాయాలు గడిచేకొద్దీ తెరలు పొడవవుతాయి, ఒక్క తప్పుకు మొదటికి రావాలి. అప్పుడు వెంటవెంటనే వచ్చే ఆ స్పందన పాఠం కాస్తా వెంటవెంటనే తగిలే మొట్టికాయ అవుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో కోపం, నిరాశ ఉన్నట్టుండి పొంగడం చాలా మామూలు. ఆ స్థితి వచ్చిందని గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. పడే చోటు మారుతోందా లేదా చూడాలి. మారుతుంటే నేర్చుకుంటున్నట్టే, ఎన్నిసార్లు పోయినా ఫర్వాలేదు. అదే చోట, అదే తప్పుతో, అంతకంతకూ వేగంగా పడుతుంటే చేతులు తిరుగుతున్నాయి గానీ బుర్ర చూడటం మానేసింది. ఇక పట్టుదలతో లాభం లేదు.

దానికి ఆటలోనే మందుంది. సేవ్ ఫైల్ ఎంచుకునే చోట Assist Mode అని ఒకటుంటుంది. దాన్ని ఆన్ చేసుకుంటే ఆట మధ్యలో పాజ్ చేసి Game Speed ను పదేసి శాతం చొప్పున, సగం దాకా తగ్గించుకోవచ్చు. గోడ మీద సత్తువ తగ్గకుండా చేసుకోవచ్చు, గాల్లో అదనంగా దూసుకెళ్ళొచ్చు, కావాలంటే చావే లేకుండా పెట్టుకోవచ్చు. నా సలహా వేగంతో మొదలుపెట్టమని. ఎనభై శాతం వేగంలో అదే చిక్కు అదే చిక్కుగా ఉంటుంది, కంటికి మాత్రం ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. చావు లేకుండా చేస్తే స్పందనే పోతుంది, తప్పు చేశామని తెలియదు, ఆట చప్పగా మారుతుంది. ఇలా సాయం తీసుకోవడం మోసమన్న భావన కొందరికి ఉంది. ఆటను చేసినవాళ్ళే ఆ సౌకర్యం పెట్టి, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండన్నారు. ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే చాలు.

డబ్బు పెట్టే ముందు చూడాలంటే ఒక దారి ఉంది. సెలెస్ట్‌కు మాతృక అయిన చిన్న ఆటను నోయెల్, మ్యాడీ నాలుగు రోజుల్లో తయారుచేశారు. అది ఇప్పటికీ బ్రౌజర్లో ఉచితంగా ఆడుకోవచ్చు. బొమ్మలు మోటుగా ఉంటాయి, సాయాలేవీ లేవు, చాలా కష్టం కూడా. కానీ తెర తర్వాత తెర అనే ఈ పద్ధతి మీకు పడుతుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

వేళ్ళ వేగం మీద నడిచే ఆటలు అందరికీ పడవు. తొందరపాటు ఎక్కువగా ఉన్నవాళ్ళు, చేయి ముందు కదిలి ఆలోచన తర్వాత వచ్చేవాళ్ళు వీటిలో ఇంకా చిరాకు పడొచ్చు. వాళ్ళ కోసం నేను చెప్పేది ‘ఇన్‌టు ద బ్రీచ్’. ఇదీ 2018లోనే వచ్చింది. వ్యూహాల ఆటే గానీ పుస్తకమంత పాఠం లేదు. ఎనిమిది గళ్ళు పొడవు, ఎనిమిది గళ్ళు వెడల్పు ఉన్న పలక, అంటే మన చదరంగం పలకంతే. మీ దగ్గర మూడు యంత్రాలు. ఎదుట పురుగుల్లాంటి రాక్షసులు. వాటి విశేషం ఏమిటంటే, అవి తర్వాత ఎవరిని కొట్టబోతున్నాయో ముందే తెర మీద చూపించేస్తాయి. ఆ దెబ్బ ఏ భవనం మీద పడబోతోందో కనబడుతుంది. మీరు ఆ రాక్షసుణ్ణి ఒక గడి పక్కకు నెడితే ఆ దెబ్బ పక్కనున్న ఇంకో రాక్షసుడి మీద పడుతుంది. ఊహించి గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, అంతా పలక మీదే ఉంది.

గడియారం లేదు, ఎంతసేపైనా చూసుకోవచ్చు. తప్పు గడిలోకి కదిపితే దెబ్బ వేయకముందు వెనక్కి తీసుకోవచ్చు. వంతు మొత్తం చెడిపోతే, ఒక్కో పోరాటానికి ఒక్కసారి ఆ వంతును మళ్ళీ మొదటినుంచి ఆడే వీలుంది. తొందరపాటుకు ఇది సరిగ్గా సరిపోయే సర్దుబాటు. తొందరపడటం తప్పకుండా జరుగుతుంది కాబట్టి దానికి చోటు వదిలారు. పోరాటం నాలుగైదు వంతుల్లో ముగుస్తుంది. మధ్యలో లేచి వెళ్ళాల్సి వచ్చినా, తిరిగి వచ్చేసరికి పలక మీద ఉన్నదే మొత్తం పరిస్థితి.

ఆ తిరిగి రావడం చాలా ముఖ్యమైన సంగతి. శ్రద్ధ నిలవని మనిషి ఆటను రెండు వారాలు విపరీతంగా ఆడి, రెండు నెలలు ముట్టకపోవడం సహజం. పెద్ద కథల ఆటల్లో అలా ఆపితే, మళ్ళీ తెరిచినప్పుడు ఎక్కడున్నామో, సంచీలో ఏముందో, ఏ బటన్ దేనికో ఏదీ గుర్తుండదు. మళ్ళీ పాఠం మొదలుపెట్టాలి, ఆ పని చేయరు. చిన్న గమ్యాల ఆటల్లో నష్టం ఒక తెర మాత్రమే. సెలెస్ట్‌లో ‘సేవ్ చేసి బయటికి’ వెళ్తే మళ్ళీ అదే తెరలో నిలబడతాం. మూడు బటన్లు కాబట్టి వేళ్ళకు నిమిషంలో గుర్తొస్తాయి. ఆట ఎంచుకునేటప్పుడు దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నేనైతే దీన్నే ముందు చూస్తాను.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళ సంగతి వేరు, అక్కడ జాగ్రత్త ఎక్కువ అవసరం. వెంటనే స్పందన, చిన్న గమ్యం అన్న ఈ రెండు గుణాలూ ఫోన్ ఆటల్లో కొల్లలు. కానీ చాలావాటిలో ఆ గుణాలు మనిషికి నేర్పడం కోసం లేవు, డబ్బు ఖర్చు పెట్టించడం కోసం ఉన్నాయి. అయిదు ప్రాణాలు అయిపోతే అరగంట కాచుకో, లేదా కొనుక్కో అంటుంది ఆట. కాచుకోవడం ఎవరికి నరకమో వాళ్ళకే ఆ ప్రశ్న ఎక్కువ ఖరీదు పడుతుంది. రోజూ వచ్చి బహుమతి పెట్టె తెరవమంటుంది, ఒక్కరోజు తప్పితే వరస తెగిందని బాధపెడుతుంది. మెరుపులు చాలా ఉంటాయి, మీరు ఆట బాగా ఆడినందుకు వచ్చినవి కొన్నే. తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: నేను ఏమీ ఆలోచించకుండా నొక్కినా ఈ మెరుపు వచ్చేదా?

డబ్బు పందెం ఉన్న రమ్మీ యాప్‌లది ఈ దారిలో చివరి మెట్టు. అక్కడ స్పందన తక్షణం, గమ్యం ఒక చేయి దూరం, పోయేది జీతం. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు జూదం వ్యసనంగా మారే ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి, 2025లో దేశమంతటికీ వర్తించేలా కేంద్రం చట్టం తెచ్చింది. చట్టం ఎలా ఉన్నా ఈ సమస్య ఉన్న మనిషి వాటి గడప తొక్కకపోవడమే మంచిది.

ఫోన్లో నిర్భయంగా చెప్పగలిగింది లిచెస్‌లోని చదరంగం చిక్కులు. అది పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు. చదరంగంలో పావులు కదపడం వస్తే చాలు. పలక ప్రత్యక్షమవుతుంది, మీరు ఎత్తు వేస్తారు, సరైనదో కాదో అప్పుడే చెబుతుంది. కాకపోతే అక్కడికక్కడే ఇంకోటి ప్రయత్నించవచ్చు. మీరు సరిగ్గా వేస్తుంటే తర్వాతి చిక్కులు కాస్త గట్టివి వస్తాయి, తప్పుతుంటే మెత్తబడతాయి. అందులోనే ‘పజిల్ స్టార్మ్’ అని మూడు నిమిషాల పందెం ఉంది, తప్పు వేస్తే పది సెకన్లు కోత. చాలామంది నేరుగా దానికే పోతారు, ఉత్సాహంగా ఉంటుంది మరి. తొందరపాటు ఉన్నవాళ్ళను మాత్రం దానికి దూరంగా ఉండమంటాను. గడియారం ఉంటే చూడకుండా వేయడమే అలవాటవుతుంది. గడియారం లేని మామూలు చిక్కులు చాలు.

ఇంతవరకు మొదలుపెట్టడం గురించి చెప్పాను. ఆపడం కూడా ఇంతే కష్టం. శ్రద్ధ నిలవదన్న మనిషే ఒక్కోసారి ఒకే దానిలో మునిగిపోయి ఆకలీ నిద్రా మరిచిపోతాడు. శ్రద్ధ లేకపోవడం కాదు, శ్రద్ధ పగ్గాలు చేతిలో లేకపోవడం ఈ సమస్య. చిన్న గమ్యం మొదలుపెట్టడానికి ఎంత తేలికో ‘ఇంకొక్కటి’ అనడానికీ అంతే తేలిక. 2022లో పూర్తి రూపంలో వచ్చిన ‘వాంపైర్ సర్వైవర్స్’ దీనికి మంచి ఉదాహరణ. నడవడం తప్ప ఏమీ చేయనక్కర్లేదు, ఆయుధాలు వాటంతటవే పేలుతుంటాయి, పెట్టె తెరిస్తే కాసినో యంత్రంలా రంగులు వెదజల్లుతుంది. చేసిన లూకా గలాంటే అంతకుముందు జూదపు యంత్రాల పరిశ్రమలో పనిచేశాడు, ఆ నేర్పు కనబడుతుంది. ఆట మంచిదే, చవకే. ఒక్కో విడత సాధారణంగా ముప్ఫై నిమిషాలకు ముగుస్తుంది. కానీ రాత్రి పదిన్నరకు మొదలుపెట్టదగ్గ ఆట కాదు.

ఇక్కడ అలారం ఒక్కటే పనిచేయదు. చేతిలోని ఫోన్లో మోగితే వేలు దానంతటదే ఆపేస్తుంది. మా బావమరిది ఇంట్లో పనిచేసిన పద్ధతి చెబుతాను. అలారం వంటింట్లో పెట్టి, మోగగానే లేచి వెళ్ళి ఆపాలి. తిరిగి వచ్చాక ఉన్న తెర పూర్తి చేసి మూసేయాలి. సమయాన్ని నిమిషాల్లో కాక తెరల్లో అనుకోవడం వల్ల మధ్యలో తెంచినట్టు ఉండదు. పన్నెండు నిమిషాలు మిగిలాయంటే వీళ్ళకు ఏమీ అర్థం కాదు, కాలం గడవడం సరిగ్గా తెలియదు. ఒక్క తెర అంటే అర్థమవుతుంది.

కొనే ముందు ఇంకో పని చేయొచ్చు. ఎవరైనా ఆ ఆటను మొదటినుంచి ఆడిన వీడియో తెరిచి, మొదటి అయిదు నిమిషాలు చూడండి. పొగడ్తల వీడియో కాదు, ఉన్నదున్నట్టు ఆడినది. ఆడుతున్న మనిషి చేతికి పగ్గాలు ఎప్పుడు వచ్చాయి? మొదటిసారి ఓడిపోయాక మళ్ళీ ఆడటానికి ఎంతసేపు పట్టింది? అయిదు నిమిషాల్లో ఒక్కటైనా పూర్తయిందా? మూడింటిలో రెండు నచ్చకపోతే, ఆట ఎంత గొప్పదని పేరున్నా మీకు కాదు. స్టీమ్‌లో కొంటే, పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగవచ్చు. శ్రద్ధ నిలవనివాళ్ళకు ఈ నియమం వరం లాంటిది, ఎందుకంటే పడని ఆటను వాళ్ళు ఎలాగూ మొదటి గంటలోనే వదిలేస్తారు. చిక్కల్లా వెనక్కి అడగడం వాయిదా వేయడమే. వదిలేసిన ఆ పూటే అడిగేయాలి.

ఈ ఆటలు ఆడితే ఏడీహెచ్‌డీ తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. తగ్గదు. సెలెస్ట్ ఆడితే సెలెస్ట్ బాగా వస్తుంది, ఆఫీసు లెక్కలు దానివల్ల ముందుకు సాగవు. చికిత్స కోసమే ప్రత్యేకంగా తయారైన ఆటలు వేరే ఉన్నాయి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం ‘ఎండెవర్ ఆర్‌ఎక్స్’ అన్నదాన్ని డాక్టర్ చీటీ మీద వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జూన్‌లో అనుమతించింది. 2024లో దాని పెద్దవాళ్ళ రూపాన్ని చీటీ లేకుండానే అనుమతించింది. అక్కడ కూడా చూపించింది కంప్యూటర్ మీద శ్రద్ధను కొలిచే పరీక్షలో మెరుగుదలే, మందులకు బదులుగా వాడమని చెప్పలేదు. సమస్య ఉందన్న అనుమానం ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. ఆట ఇచ్చేది వినోదం. రోజంతా పనులు సగంలో జారిపోయే మనిషికి, మొదలుపెట్టింది పూర్తయిందన్న అనుభవం ఇవ్వగల వినోదం. నా దృష్టిలో అది తక్కువేమీ కాదు.

పక్కన కూర్చునేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. ఆట తెలిసినవాడు పక్కనుంటే నోరు ఊరుకోదు. “అక్కడ కాదు, పైకి, ముందు గోడ పట్టుకో, ఆగు ఆగు, ఇప్పుడు గెంతు.” తెర మీద పెట్టెలు తీసేసిన ట్యుటోరియల్ ఇలా మన గొంతులో తిరిగి వస్తుంది. పైగా మన మాట చేరేసరికి ఆ క్షణం దాటిపోయి ఉంటుంది. అడిగితే బటన్ పేరు ఒక్కటి చెప్పండి. అడగకపోతే, ముళ్ళలో పడనివ్వండి. ఎందుకు పడ్డాడో ఆట ఒక సెకనులో చెబుతుంది.